రెండో వక్త

ఆ రాతను మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది.

వక్త 1: ఆ అందరూ అంటే వచ్చినట్టేనా మరి ఇంక మొదలు మొదలుపెడదామా
వక్త 2: పెట్టండి సార్ అదేందంటే ఇదీ విషయం అందరికీ తెలిసిందే కదా ఆ
వక్త 3: ఆ
వక్త 1: టీ చెప్పినారా
వక్త 5: సెప్పినా సెప్పినా అంటే ఇంకా రాలా
వక్త 2: టీ కాదప్పా ఇప్పుడు మరి వంటామె సంగతి

ఇలా పద్నాలుగు పేజీలు. కామా లేదు, చుక్క లేదు. తిరుపతిలో మా ఇంటి వరండాలో నా ఎదురుగా కూర్చున్న మిత్రుడు దాన్ని తన ఫోన్‌లోంచి నా కంప్యూటర్‌కు పంపించాడు. వడమాలపేట దాటాక రోడ్డు వదిలి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో అతను ప్రధానోపాధ్యాయుడు. బడిలో తల్లిదండ్రుల కమిటీ సమావేశం జరిగితే ఫోన్‌లో రికార్డు చేశాడు. మాటను రాతగా మార్చే యాప్ ఒకటి దాన్ని ఇలా రాసిపెట్టింది. ఆ యాప్‌కు మనుషులు తెలియరు, గొంతులే తెలుసు. వినిపించిన ఒక్కో గొంతుకు ఒక్కో నంబరు వేసుకుంటూ పోతుంది.

“ఊరికే శుభ్రం చేసి ఇయ్యప్పా. ఆ ఊ లు, అంటేలు, అదేందంటేలు తీసేసి, నంబర్ల కాడ పేర్లు పెట్టు. అంతకుమించి ఏం వద్దు. సొంత పైత్యం చేర్చొద్దు.”

“నా పైత్యం లేకుండా నేనేం రాసినా నువ్వు చదవవు కదా.”

“ఇది నేను చదివేదానికి కాదు. మండలాఫీసుకు పోవాల.”

అతను నన్ను అడగడానికి కారణముంది. కాలేజీ రోజుల్లో మేమిద్దరం ఒకే చర్చావేదికలో గొంతు చించుకున్నవాళ్లం. దయ్యాలమీద, జాతకాలమీద, అంటుమీద, మైలమీద ఊరూరా వాదనలు పెట్టేవాళ్లం. ఆ వాదనలను క్యాసెట్లలో ఎక్కించి తెచ్చి, విని, కాగితంమీద దించి, మా చిన్న పత్రికలో అచ్చు వేసే పని నాది. తడబాట్లు తీసేయడం అక్కడే నేర్చుకున్నాను. తీయకూడనివేవో కూడా అక్కడే నేర్చుకున్నాను. ఒకడు ‘ఏమో, నాకు తెలీదు’ అంటే ఆ ‘ఏమో’ ఊతపదం కాదు, వాడి అభిప్రాయం. దాన్ని తీసేస్తే వాడు చెప్పని రూఢిమాట వాడి నోట్లో పెట్టినట్టు. మాకు ఇంకో కట్టుబాటు ఉండేది. ఎదుటివాడి మాట ఎంత మూఢంగా ఉన్నా అతని పేరుమీదే వేయాలి. మన పక్షం వాడి మాట ఎంత సిగ్గుచేటుగా ఉన్నా మన పేరుమీదే వేయాలి.

విషయమేమిటో మిత్రుడు చెప్పాడు. బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషికి ఈమధ్య మామ చనిపోయాడు. దినం కాకముందే ఆమె వచ్చి పొయ్యి ముట్టించింది. పనికి రాకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుందని ఆమె భయం. అదే మధ్యాహ్నం ఎండలో ఆడుకుని వచ్చిన ఇద్దరు పిల్లలు వాంతి చేసుకున్నారు. నర్సమ్మ వచ్చి చూసి ఎండదెబ్బ అని చెప్పి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగించి పోయింది. సాయంత్రానికి పిల్లలు మళ్లీ ఆడుకున్నారు. ఊరు మాత్రం మైల కూడు తినడంవల్ల వచ్చిందని తేల్చేసింది. కమిటీ కూర్చుని వంటామెను తీసేయాలని తీర్మానం రాసింది. ఆమె మండలాఫీసుకు పోయి ఏడ్చింది. అక్కడి అధికారి ఈ తీర్మానం ఒక్కటే నాకు చాలదు, రికార్డు ఉందంటున్నారు కాబట్టి ఎవరెవరు ఏమన్నారో రాసి పంపండి అన్నాడు.

“నువ్వేమన్నావు ఆ సమావేశంలో?” అని అడిగాను.

“నేను కన్వీనర్ను. తీర్మానం రాసినాను. మైల గియిల ఏమీ లేదని చెప్పినా. సూడు, ఉంటుంది అందులో.”

ఉంది. ‘నర్సమ్మ ఎండదెబ్బ అనింది కదా’ అని వక్త 1, అంటే అతనే, మూడుచోట్ల అన్నాడు. మూడుసార్లూ ఎవరూ పట్టించుకోలేదు. పాత మిత్రుడు పూర్తిగా మారిపోలేదని సంతోషించాను.

వక్త 3, వక్త 5 ఒక్కడే అని తేలింది. కమిటీలో ఒక పెద్దాయన కిటికీ దగ్గరకు పోయి ఉమ్మి వచ్చి కూర్చునేవాడట. దూరంపోయిన గొంతును యాప్ కొత్త మనిషి అనుకుంది. అలాంటివి సర్దడం తేలిక. ఆడియో వింటూ, పక్కన రాసి ఉన్న నిమిషం చూసుకుంటూ పోతే చాలు.

“వక్త 2 ఎవరు?” అన్నాను. పేజీల్లో సగానికి పైగా ఆ నంబరుదే.

“చైర్‌పర్సన్.”

చైర్‌పర్సన్ పిల్లల తల్లుల్లోంచి ఎన్నికైన ఒకామె అని అతను అంతకుముందే చెప్పాడు. నేను ‘అధ్యక్షురాలు’ అని టైపు చేసి ఆడియో పెట్టాను. వచ్చింది మగగొంతు. బొంగురుగా, నింపాదిగా, ఎవరూ మధ్యలో ఆపరని బాగా తెలిసిన గొంతు.

“ఇది మొగోడి గొంతు కదప్పా.”

“ఆయనే, చైర్మన్.”

“చైర్‌పర్సన్ ఒక తల్లి అన్నావు ఇందాక.”

“ఆయమ్మే. ఈయన ఆయమ్మ ఇంటాయన.”

“ఈయన కమిటీలో సభ్యుడా?”

“సభ్యుడు కాదులే. అయినా ఆయనే వస్తాడు, ఆయనే మాట్లాడతాడు. ఊళ్లో అందరూ ఆయన్నే చైర్మన్ అంటారు. ఆయన మాట్లాడితే ఆయమ్మ మాట్లాడినట్టే. నువ్వు ఆయమ్మ పేరు పెట్టు. అందరూ చేసేది అదే.”

అతను ఈ మాట దాచిపెడుతూ అనలేదు. కన్ను గీటలేదు, గొంతు తగ్గించలేదు. టీ చల్లారింది అన్నంత మామూలుగా అన్నాడు. పంచాయతీల్లో భార్య గెలిస్తే భర్త ఏలడం నేను ఎరగనిది కాదు. దానిమీద వ్యాసాలు రాశాను, వేదికలెక్కి తిట్టాను. కానీ ఆ మాట నాతో కలిసి వేదికెక్కిన నోట్లోంచి వచ్చింది. తాను అబద్ధం రాయమంటున్నానన్న స్పృహ కూడా అతనికి లేదు. అబద్ధమాడేవాణ్ణి నిలదీయవచ్చు. అతనికి అది శుభ్రం చేయడంలో ఒక భాగం.

“సరే, ఆమె సమావేశానికి వచ్చిందా, రాలేదా?”

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాల్సి వచ్చింది.

“వచ్చినట్టుండాది. ఆడోళ్లు వెనక చాప మీద కూర్చుని ఉండ్రి.”

“కుర్చీలు?”

“కుర్చీలు మాకే సరిపోలా.”

వినడం కొనసాగించాను. అంటేలూ మరిలూ తీసేస్తూ, వక్త 2 దగ్గర ‘అధ్యక్షురాలి భర్త’ అని వేస్తూ పోయాను. అతను తెర చూసి “గొడవ పెట్టుకుంటావేంది” అని గొణిగాడు. పన్నెండో పేజీలో ఒక ముక్క దగ్గర ఆగాను.

వక్త 2: తీసేయాల సార్ తీసేయాల మరి ఊరంతా అంటా ఉంటే ఇంక మనం ఆ తీసేయొద్దు నా బిడ్డ కూడా తినింది ఏమీ కాలేదు ఊరుకో రాసేయండి సార్ ఏకగ్రీవం

“ఇదుందే, ఇక్కడ కొంచెం తిక్కగా వచ్చింది” అన్నాడు మిత్రుడు. “తీసేయాల, తీసేయొద్దు, రెండూ వచ్చినాయి. యాప్ ఏదో కలిపేసింది. ఆ నడిమి ముక్క తీసెయ్. అర్థం చెడుతుంది.”

“ఒకసారి విందాం.”

“వినేదేముంది. మనిషి మాట్లాడేటప్పుడు తడబడడా?”

నేను సౌండు పెంచి పెట్టాను. ఫ్యాను కిరకిర. టేబులు మీద ఫోను, ఫోనుకు ఎదురుగా ఆ భర్త. అతని మాట చెవి పక్కనే పలికినట్టుంది. ‘ఇంక మనం...’ అన్న తర్వాత చిన్న సందు. ఆ సందులో, గదికి అవతలి చివరనుంచి, ఫ్యాను మోతకింద అణిగి, ఒక ఆడగొంతు.

తీసేయొద్దు. నా బిడ్డ కూడా తినింది. ఏమీ కాలేదు.

వెంటనే అతని గొంతు, విసుగుగా: ఊరుకో. తర్వాత మర్యాదగా, మా మిత్రుడితో: రాసేయండి సార్, ఏకగ్రీవం.

వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. మిత్రుడు ముందుకు వంగాడు. మూడోసారి పెట్టమని అతనే అడిగాడు. యాప్ చేసిన పొరపాటు అర్థమైంది. చిన్న మాట, దూరంనుంచి వచ్చిన మాట, ముందూ వెనకా ఒకే గట్టి గొంతు ఉన్న మాట. అలాంటిదాన్ని అది వేరే మనిషిగా గుర్తించలేక పక్కనున్న గొంతులో కలిపేస్తుంది. యంత్రం చేసిన తప్పు అది. మాటను మాత్రం పోగొట్టలేదు, పొల్లుపోకుండా రాసింది. ఆ గదిలో చెవులున్న మనుషులు ఆ పనికూడా చేయలేదు.

“ఎవరది?” అన్నాను.

“చైర్‌పర్సన్” అన్నాడు. ఈసారి ఆ మాట ఆమె గురించే.

“నువ్వు ఆ గదిలోనే ఉన్నావు కదా.”

“ఉండా. టేబులు కాడ. రాస్తా ఉండా.” అన్నాడు. “నాకు వినపడలేదప్పా. నిజంగా వినపడలేదు.”

నేను నమ్మాను. నమ్మినందుకే దిమ్మెరపోయాను. మైల లేదని మూడుసార్లు చెప్పిన మనిషి, ఆ గదిలో తనతో ఏకీభవించిన ఒకే ఒక్క మనిషి మాట వినలేదు. ఆమె మాట పట్టుకుని ఉంటే తీర్మానమే ఆగేది. అధ్యక్షురాలే వద్దంటుంటే ఏకగ్రీవమెక్కడిది? దయ్యాలు లేవని రుజువు చేయడానికి మేము శ్మశానాల్లో పడుకున్నాం. ఎదురుగా ప్రాణంతో కూర్చున్న మనిషి లేనట్టే మా చర్చలు ఎన్ని జరిగాయో ఎవరు లెక్కగట్టారు? మా పత్రిక పాత సంచికల్లో ఆడవాళ్ల ప్రశ్నలు ఎన్ని ఉన్నాయని ఆలోచిస్తే నాకు ఒక్కటీ గుర్తు రాలేదు. అడగలేదా, మా క్యాసెట్టుకు అందలేదా?

“ఆ నడిమి ముక్క తీయను” అన్నాను.

“తీయొద్దు” అన్నాడు. “కానీ ఆయమ్మదేనని నువ్వూ నేనూ అనుకుంటే చాలదు. ఆడోళ్లు నలుగురుండ్రి చాపమీద.”

అది న్యాయమైన మాట. గొంతు ఎవరిదో తెలియకపోతే తెలియదని రాయాలే తప్ప ఊహించి పేరు పెట్టకూడదు. మరుసటి రోజు ఉదయం అతని మోటారుసైకిల్ వెనక కూర్చుని ఆ ఊరికి పోయాను.

ముందు బడికి పోయాం. వంటామె షెడ్డులో గుడ్లు ఉడకేస్తోంది. పైనుంచి నిర్ణయం వచ్చేదాకా ఆమే వండాలి. మిత్రుణ్ణి చూసి లేచి నిలబడింది.

“రేపటినించి రావొద్దంటారా సార్?”

“ఇంకా ఏం తేలలేదమ్మా.”

“తేలేదేముంది సార్. సచ్చిపోయినాయన నాకు మామ. బతికినన్నాళ్లూ నా చేతి కూడే తిన్నాడు. ఆయన పోయినాక నా చెయ్యి ఎట్ల చెడిపోయింది?” అని గుడ్లవైపు తిరిగింది. “మైల ఉంటే ఈ గుడ్డు పెంకు కూడా దాటుతాదా? అడుగుతా ఉండా, కోపం చేసుకోబాకండి.”

నేను ముప్పై ఏళ్లు వేదికలమీద ఇంత సూటిగా అడగలేదు. మిత్రుడు నా మొహం చూసి “ఇది కూడా రాసుకుంటా ఉండావా” అన్నాడు.

అధ్యక్షురాలి ఇల్లు పాలకేంద్రం పక్కన. ఆమె ఆవును కట్టేసి పాలక్యాను తోముతోంది. భర్త మంచంమీద కూర్చుని మమ్మల్ని చూసి మనసారా ఆహ్వానించాడు. మంచి మర్యాదస్తుడు. కాఫీ తెమ్మని లోపలికి కేక వేశాడు. ఆమె బయటే ఉందన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

“అమ్మకు ఒకటి వినిపించాల” అన్నాడు మిత్రుడు.

“నాకు వినిపించండి సార్. ఆమెకేం తెలుసు.”

“ఇది ఆయమ్మనే అడగాల్సింది.”

ఫోన్ ముందుకు చాచి ఆ ముక్క పెట్టాడు. ఆమె చేతులు పైటకొంగుతో తుడుచుకుని దగ్గరకు వచ్చింది. ఫ్యాను మోత, భర్త గొంతు, ఆ చిన్న సందు. తన మాట వచ్చినప్పుడు ఆమె మొహంలో మొదట ఏమీ తెలియలేదు. రెండోసారి పెట్టమంది.

“ఇట్లుంటుందా నా గొంతు?” అంది.

“నీదేనామ్మా?”

“నాదే. నా బిడ్డ ఆ పొద్దు రెండుసార్లు పెట్టించుకుని తినింది. అది చెప్పినా. ఎవురికీ వినపడలేదనుకున్నా.”

భర్త నవ్వాడు. “పక్కనోళ్లతో గుసగుసలాడింది సార్. మీటింగులో ఆడోళ్లు గుసగుసలాడుకోరా? గుసగుసకు కూడా రాతకోతలా?”

ఆమె క్యాను మూత పెట్టింది. అతనివైపు చూడకుండానే అడిగింది.

“గుసగుసైతే నన్ను ఊరుకో అని ఎందుకంటివి?”

అతను ఫోన్‌వైపు చూశాడు. మిత్రుడు కావాలని చేయలేదు గానీ వేలు తగిలి ఆ ముక్క మళ్లీ నడిచింది. చివర్లో ఆ భర్త గొంతే అతనికి వినిపించింది: ‘రాసేయండి సార్, ఏకగ్రీవం.’ ఆవు తోక విసిరిన చప్పుడు వినపడింది.

“ఊళ్లో తలెత్తుకోవాల కదా సార్” అన్నాడు చివరికి అతను. అంతకు ముందున్న నింపాది ఆ గొంతులో లేదు. “అందరూ అంటావుంటే నేను ఒక్కణ్ణి కాదంటే ఎట్ల?”

“నువ్వు కాదనొద్దు” అంది ఆమె. “నేనన్నా కదా.”

శుభ్రం చేసిన కాపీ నా సంచిలోనే ఉంది. పన్నెండో పేజీలో ఆ గొంతు దగ్గర ‘ఆడగొంతు, ఎవరిదో తెలియదు’ అని వేసి ఉంచాను. ఇప్పుడు అక్కడ పెన్నుతో ‘అధ్యక్షురాలు’ అని దిద్దాను. మిత్రుడు ఒక్క నిమిషం కూర్చుని, ఆ కాపీ చివర తన అక్షరాలతో రాశాడు: కన్వీనర్‌గా నేను ఏకగ్రీవమని రాసినది వాస్తవం కాదు, రికార్డు విన్న తర్వాత తెలిసింది. ఆ పాత వేదికల తర్వాత అతన్ని మళ్లీ అంత దగ్గరగా చూడలేదనిపించింది.

ఆమె సంతకం పెట్టేముందు చదువుతానంది. అరుగుమీద కూర్చుని మొదటి పేజీనుంచి మొదలుపెట్టింది. ఊతపదాలు తీసేసిన తర్వాత పద్నాలుగు పేజీలు తొమ్మిదయ్యాయి. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివింది. భర్త కాఫీ తానే తెచ్చి మా ముందు పెట్టాడు. ఆమె కాగితాలు ముందుకూ వెనక్కూ తిప్పింది. పోయిందేదో వెతుకుతున్నట్టుంది.

“ఇన్ని కాగితాల్లో నాది ఒక్క మాటేనా సార్?”

తడబాట్లు తీయడం నాకు తెలుసు. మాట్లాడనివ్వని మాటలను ఎక్కడ చేర్చాలో నాకు ఎవరూ నేర్పలేదు. చేర్చకూడదు కూడా. కాగితంమీద ఉన్నది ఉన్నట్టే ఉండాలి, ఆ లోటుతో సహా. మండలాఫీసులో ఆ కాగితం చూసేవాడికి కూడా ఆ లోటే కనిపించాలి.

ఆమె సంతకం పెట్టింది.

అధికారి ఆ తీర్మానాన్ని తిప్పి పంపాడు. అధ్యక్షురాలు వ్యతిరేకించినప్పుడు, సభ్యుడు కాని మనిషి మాటమీద తీర్మానం నిలవదన్నాడు. మైల గురించి ఒక్క ముక్క రాయలేదు. నాకు అది కొరతగానే ఉంది. వంటామె ఇంకా అక్కడే వండుతోంది. కొన్ని ఇళ్లవాళ్లు ఆమె వండింది వద్దని పిల్లలకు ఇంటినుంచి ఇంకా క్యారియర్లు పంపిస్తూనే ఉన్నారు.

తర్వాతి సమావేశానికి మిత్రుడు నన్ను పిలవలేదు, రికార్డు మాత్రం పంపాడు. ఊరికే శుభ్రం చేసి ఇయ్యమన్నాడు. పెట్టగానే ఫోన్‌ను బల్లమీద ఈడ్చిన గరగర చప్పుడు. తర్వాత ఫ్యాను మోతకంటే పైన, చెవి పక్కనే, ఒక ఆడగొంతు: “ఈ కుర్చీ నాది. నువ్వు ఆడ కూర్చో.”

యాప్ ఆమెకు వక్త 1 అని నంబరు వేసింది. నేను దాన్ని మార్చలేదు, పక్కన పేరు చేర్చాను.